ట్రౌడీ ఊదిన గులాబీ

సెవెరిన్ గ్రుబింగర్ గారు ఆ చలికాలం చివర్లో చర్చి మెట్ల మీద గడ్డకట్టిన మంచులో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. బతుకంతా ఐస్‌క్రీమ్ చేసి అమ్మిన మనిషిని చివరికి ఐసే పడేసిందని గ్ముండెన్ ఊరంతా నవ్వుకుంది. నవ్వనిది ఆయన కొట్లో పనిచేసే వాల్ట్రౌడ్ ఒక్కతే. ఆమెను అందరూ ట్రౌడీ అంటారు. కబురు విన్నప్పుడు ఆమె ఇంట్లో బంగాళాదుంపలు ఒలుస్తోంది. అయ్యో పాపం అని పైకి అంది. లోపల మాత్రం గుండె ఎగిరి గంతేసింది. ఆ గంతు చూసి తనకే సిగ్గేసింది. పెద్దాయన చెయ్యి విరిగితే సంతోషపడతారా ఎవరైనా? కానీ సంతోషం మనల్ని అడిగి రాదు కదా. మార్చిలో కొట్టు తెరవాలి, గిన్నె పొయ్యి మీద పెట్టాలి, గరిటె ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆమె మాస్టారని పిలిచే ఆ పెద్దాయన చేతికి పట్టీ. ఇంక మిగిలింది ఎవరు?

ట్రౌడీ ఆ కొట్లో చేరి చాలా ఏళ్ళయింది. అంతకుముందు ఊరి చివర పింగాణీ కార్ఖానాలో పళ్ళేల మీద ఆకుపచ్చ చారలు గీసేది, మెరుగు ద్రావణంలో కప్పులు ముంచి తీసేది. కార్ఖానాలో మనుషుల్ని తగ్గించినప్పుడు ఆమెనూ తీసేశారు. భర్త గెబ్‌హార్డ్ బస్సు నడుపుతాడు, ఇల్లు ఎలాగో గడుస్తుంది, కానీ ఊరికే కూర్చోవడం ఆమె ఒంటికి పడదు. సరస్సు ఒడ్డున మాస్టారి ఐస్‌క్రీమ్ కొట్లో గిన్నెలు కడిగే పనికి చేరింది. కొన్నాళ్ళకు గుడ్లు కొట్టే పని ఇచ్చారు. పచ్చసొన చితక్కుండా, తెల్లసొన ఒక్క చుక్క అంటకుండా విడదీయడంలో ఆమె చెయ్యి కుదిరింది. తర్వాత పచ్చసొనలో పంచదార వేసి గిలకొట్టడం కూడా అప్పగించారు. పంచదార పోసి ఊరికే వదిలేస్తే సొన అక్కడక్కడ గట్టిపడి పలుకులు కడుతుంది, అందుకని పోసీ పోయగానే గిలకొట్టాలి. అదంతా ట్రౌడీ పనే. వేడి పాలు సన్నధారగా పోసి సొనను మెల్లగా వేడికి అలవాటు చేయడం దాకా ఆమే.

అక్కడితో ఆగేది. ఆ తర్వాత గిన్నె పొయ్యెక్కుతుంది. పొయ్యెక్కిన గిన్నె మాస్టారిది.

చిన్న మంట మీద, ఆయన తన పాత కొయ్య గరిటెతో ఎనిమిది అంకె వేస్తున్నట్టు తిప్పుతూ, అడుగు గీస్తూ, నోరు మెదపకుండా నిలబడేవారు. కాసేపటికి గరిటె పైకెత్తి దాని వెనకవైపు అంటిన ఆ పాలూ సొనల కస్టర్డ్ మీద నోటితో మెల్లగా ఊదేవారు. పలచగా ఉంటే ఊపిరికి అది జారిపోతుంది. సరిగ్గా ఉడికితే పూతలా అంటుకుని, ఊపిరి తగిలిన చోట ముడతలు ముడతలుగా, రేకులు విచ్చిన గులాబీలాగా నిలుస్తుంది. అదే గులాబీ. గులాబీ కనపడగానే గిన్నె దించాలి, క్షణం ఆలస్యం కూడదు. అది రాకముందు దించితే పచ్చి, పాలు పాలుగా ఉంటుంది. వచ్చాక నిలబెడితే సొన ఉడికి విరుగుతుంది. ఆ రెండింటి మధ్యన ఉన్న చోటు చాలా ఇరుకు. ఆ ఇరుకులో మాస్టారు తప్ప ఇంకెవరూ నిలబడ్డం ఆ వంటింట్లో జరగలేదు.

ట్రౌడీ ఆయన వీపు వెనక జల్లెడ పట్టుకుని నిలబడి, ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"వచ్చిందా మాస్టారూ?"

"ఇంకా లేదు."

మళ్ళీ కాసేపటికి, "వచ్చిందా?"

"వచ్చింది! జల్లెడ!"

అన్నేళ్ళలో ఆ గులాబీని ఆమె భుజం మీంచి తొంగి చూసిందే తప్ప, ఒక్కసారి కూడా తను ఊదలేదు. ఒకసారి ఊదనిస్తారా అని అడిగితే, "కొవ్వొత్తులు ఊదుకో, పుట్టినరోజుకి" అన్నారాయన.

ఆ కొట్టుకు ఒక అలవాటుంది. చలికాలమంతా మూసి ఉంచి మార్చిలో ఒక శనివారం తెరుస్తారు. ఆ మొదటి రోజు వెనిలా తప్ప ఇంకేదీ పెట్టరు. కొండల మీద మంచు ఇంకా తెల్లగానే ఉంటుంది, జనం కోట్లు మఫ్లర్లు చుట్టుకుని వరసలో నిలబడతారు, చేతులు కొంకర్లు పోతున్నా ఐస్‌క్రీమ్ తింటారు. ఆ వెనిలా బాగుంటే ఆ ఏడు కొట్టు బాగున్నట్టు. బాగోకపోతే వేసవి అంతా ఆ మాటే చెప్పుకుంటారు.

తెరవడానికి ముందు రోజు, శుక్రవారం పొద్దున్న, మాస్టారు పట్టీ కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని వంటింట్లోకి వచ్చారు. ఆయన వెనకాలే మేనల్లుడు వాలెంటిన్. ముప్ఫయ్యేళ్ళ వాడు, లెక్క తెలిసినవాడు, మంచివాడే. కాకపోతే వాడి భుజం మీద ఒక బస్తా ఉంది. పాలు పోసి తిప్పితే చాలు ఐస్‌క్రీమ్ అయిపోయే పొడి అందులో ఉంది. దానికి గుడ్లు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు, ఎవరూ దేన్నీ ఊదనక్కర్లేదు. బస్తా తెచ్చి గోడవార నిలబెట్టాడు.

"అదేంటి?" అంది ట్రౌడీ, తెలిసే.

"తోడుంటుందని తెచ్చాలే అక్కా" అన్నాడు వాలెంటిన్, కాస్త తలొంచుకుని. "మామయ్య ఒప్పుకున్నాడు."

మాస్టారు స్టూలు లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నారు. "చూడు ట్రౌడీ. నా చెయ్యి బాగయినా మునుపటి చెయ్యి కాదని డాక్టర్ చెప్పాడు. ఇవాళ గరిటె నీకిస్తున్నా. కస్టర్డ్ కుదిరిందా, ఇక మీదట పొయ్యి నీది. కుదరలేదా, వాడి బస్తా విప్పిస్తా. ఆ తర్వాత నువ్వు కౌంటర్లో కోన్లు అందించుకో. ఏమంటావ్?"

ఏమంటుంది? అన్నేళ్ళు ఎదురుచూసిన మాట ఎదురుగా వచ్చి కూర్చుంది. తల ఊపింది, మరీ గట్టిగా, మెడ పట్టేసేటంత గట్టిగా.

కొయ్య గరిటె కోసం చెయ్యి చాపింది. కొక్కేనికి అది లేదు. దాని చోట ఎర్రటి సిలికాన్ గరిటె వేలాడుతోంది.

"పాతది పగిలిపోయింది అక్కా" అన్నాడు వాలెంటిన్. "శుభ్రత మీద క్లాసుకి వెళ్ళా కదా, పగిలిన కర్ర సామాన్లో మురికి చేరుతుందన్నారు. చలికాలం సెలవుల్లో పొయ్యిలో పెట్టేశా. ఇది వంగుతుంది, కాలదు, మూల మూలా గీకుతుంది."

"పొయ్యిలో పెట్టావా!" మాస్టారు సగం లేచారు. "మా నాన్న ఇచ్చిన గరిటెరా అది! ఆయన దినానికి పెట్టే కొవ్వొత్తి కూడా పొయ్యిలో పెట్టెయ్యి, పోతుంది!"

"పగిలింది కదా మామయ్యా..."

"నా చెయ్యి కూడా పగిలింది. నన్నూ పెట్టు!"

ట్రౌడీకి నవ్వొచ్చింది, భయమూ వేసింది. రెండూ అణుచుకుని పనిలో పడింది. గుడ్లు కొట్టింది. పచ్చసొనలు ఒక గిన్నెలోకి, తెల్లసొనలు వేరే పాత్రలోకి. తెల్లసొనతో మర్నాడు గెబ్‌హార్డ్‌కి ఇష్టమైన నురగ బిస్కెట్లు చేయొచ్చు. వెనిలా కాయ నిలువునా చీల్చి గింజలు గీకి తొక్కలతో సహా పాలల్లో, మీగడలో వేసింది. పాలు పొగలొచ్చేదాకా కాగనిచ్చి, గిలకొట్టిన సొనలోకి సన్నగా పోసింది. అంతా కలిపి మళ్ళీ గిన్నెలోకి వంచి పొయ్యి మీద పెట్టింది. ఎర్ర గరిటె చేతిలోకి తీసుకుంది. అదిగో, అక్కడే ఆమె చెయ్యి మొదటిసారి గీత దాటింది. మొహం వెలిగిపోయింది.

"మంట చిన్నది. ఇంకా చిన్నది. అడుగు గియ్యి. అంచు వదలకు" అంటూ మాస్టారు స్టూలు మీంచే పురమాయిస్తున్నారు.

పైన నురగ తేలుతోంది. కాసేపటికి నురగ కరిగిపోయింది, గిన్నెలో పొగ దట్టమైంది. గరిటెకు బరువు తెలుస్తోంది. ట్రౌడీ గరిటె పైకెత్తి మాస్టారి ముందు పెట్టింది. ఊదే హక్కు ఇంకా ఆయనదే అనుకుంది పాపం. ఆయన మీసాలు పక్కకి తోసుకుని ఊదారు. కస్టర్డ్ చిన్న చిన్న పాయలుగా చీలి గరిటె మీంచి జారిపోయింది.

"ఇంకా లేదు."

తిప్పింది. ఎత్తింది. ఆయన ఊదారు. జారిపోయింది.

"ఇంకా లేదు. కంగారు పడకు."

"మాస్టారూ, చేతికి బరువు తెలుస్తోందండీ..."

"నీ చేతికి తెలిసేదేంటి? గులాబీ చెప్పాలి. ఇంకా లేదు!"

వాలెంటిన్ గుమ్మంలోంచి, "నా దగ్గర థర్మామీటర్ ఉంది, తేనా?" అన్నాడు.

"జ్వరమొస్తే తెద్దువుగాని!"

మూడోసారి గరిటె ముంచేసరికి ట్రౌడీ ముక్కుకు ఏదో తగిలింది. ఉడికిన గుడ్డు వాసన. గిన్నె అంచున సన్నని రవ్వ కనపడింది. చటుక్కున దించి, జల్లెడలో పోసి, కింద మంచుముక్కల గిన్నె పెట్టింది కానీ అప్పటికే ఆలస్యమైంది. జల్లెడలో మిగిలింది కస్టర్డ్ కాదు, ఉప్మా.

ముందు తేరుకున్నది వాలెంటినే. "బ్లెండర్ వేస్తే నునుపవుతుంది మామయ్యా. ఎవరికీ తెలీదు."

"నునుపవుతుంది, వాసన ఎక్కడికి పోతుంది? గుడ్డు కూర అమ్ముకుందామా వెనిలా పేరుతో?" మాస్టారు ట్రౌడీ వైపు తిరిగారు. "మంట ఎక్కువ పెట్టావు. చెయ్యి నెమ్మది. గులాబీ రాకుండా నేరుగా విరిగిందంటే అంతే మరి."

మంట చిన్నదేనని ట్రౌడీకి తెలుసు. చెయ్యి ఆగలేదని తెలుసు. మరి గులాబీ ఎందుకు రాలేదు? మాస్టారు దాని దారి చూస్తూ కూర్చున్నారు, అది రానే లేదు, విరుగుడు మాత్రం వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు.

"ఇంకో గిన్నెకు వెనిలా ఉందా?" అన్నారు మాస్టారు.

"రెండు కాయలున్నాయి."

"సరే, ఇంకొక్కటి. అది కూడా పోతే వాలెంటిన్ బస్తా విప్పుతాడు. నేను కాఫీ తాగొస్తా, ఈలోగా గిన్నెలు కడుగు."

గిన్నెలు కడుగు! మొదటి రోజు చేరినప్పటి మాట. ట్రౌడీ కుళాయి తిప్పి, కోపమంతా గిన్నె మీద చూపించింది. గిన్నె తోమి, స్టీలు గరిటె తోమి, ఎర్ర గరిటెను నీళ్ళ కింద పెట్టింది. పెట్టినదల్లా ఆగిపోయింది.

ఎర్ర గరిటె మీద నీళ్ళు నిలవడం లేదు. చేమాకు మీద పోసినట్టు పూసలు పూసలుగా దొర్లిపోతున్నాయి. పక్కనున్న స్టీలు గరిటె మీద నీళ్ళు పలచగా పరుచుకుని ఉన్నాయి. ట్రౌడీ ఎర్ర గరిటెను మళ్ళీ తడిపింది. మళ్ళీ దొర్లాయి. సబ్బు పెట్టి, వేణ్ణీళ్ళతో రుద్ది, మళ్ళీ తడిపింది. మళ్ళీ అంతే.

అప్పుడు కార్ఖానా గుర్తొచ్చింది. పచ్చి పళ్ళేన్ని జిడ్డు వేలితో పట్టుకుంటే, ఆ వేలిముద్ర పడ్డ చోట మెరుగు అంటేది కాదు. ఎంత చిక్కని ద్రావణంలో ముంచినా ఆ చోటు నుంచి పాయలు చీలి పక్కకు తప్పుకునేది. కొత్తగా చేరిన పిల్లలు ద్రావణం పలచగా ఉందనుకుని ఇంకా చిక్కగా కలిపేవాళ్ళు, బట్టీ అంతా పాడు చేసేవాళ్ళు. తప్పు ద్రావణంలో ఉండేది కాదు, పళ్ళెంలో ఉండేది.

"ఓరి దేవుడా" అంది ట్రౌడీ గట్టిగా, ఒంటరిగా. కస్టర్డ్ ఎప్పుడో ఉడికింది! మాస్టారు ఊదినప్పుడు అది గరిటెకు అంటక జారిందే గాని, పలచగా ఉండి కాదు. గులాబీ పూసే నేలే లేకపోతే ఎక్కడ పూస్తుంది?

పరుగెత్తుకెళ్ళి చెప్పింది. మాస్టారు కాఫీ కప్పు దించలేదు.

"గరిటె తప్పా? బాగుంది. రేపు జల్లెడ తప్పంటావు, ఎల్లుండి ఆవు తప్పంటావు."

"నీళ్ళు కూడా నిలవట్లేదండీ దాని మీద! పోనీ స్టీలు గరిటెతో చూద్దాం."

"చల్లటి స్టీలు పెడితే కస్టర్డ్ దాని మీదకి రాగానే చిక్కబడుతుంది. పచ్చిది కూడా ఉడికినట్టు కనపడుతుంది. మా నాన్న చెప్పిన మొదటి సంగతి అది. స్టీల్లో కనపడేది నీ మొహం, గులాబీ కాదు." ఆ మాటలో నిజముంది, అదీ ట్రౌడీకి తెలుసు. "ఇంక కథలు కట్టిపెట్టు. మంట మీద దృష్టి పెట్టు."

ఎర్రది రాలేదంటుంది, స్టీలు వచ్చేసిందంటుంది. రెంటినీ నమ్మలేం. కొయ్య కావాలి. ఊళ్ళోకెళ్ళి కొనేలోపు మాస్టారి కాఫీ అయిపోతుంది. ఇంటికెళితే కొయ్య గరిటె ఉంది గాని, దాన్ని ఉల్లిపాయల మాంసం కూరలో ఎన్నిసార్లు తిప్పిందో లెక్కే లేదు. ఆ వాసన వెనిలాలో పడితే మాస్టారు రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకుంటారు. ట్రౌడీ కౌంటర్లో అటూ ఇటూ తిరిగింది. కోన్లు, కాగితం కప్పులు, చేతి రుమాళ్ళు. కప్పుల పక్కన పెట్టె.

పెట్టె నిండా కప్పుల్లో ఐస్‌క్రీమ్ తినడానికిచ్చే బుల్లి కొయ్య చెంచాలు!

రోజూ వందలమందికి చేత్తో అందించిన వస్తువు. రెండు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. ఎండు కర్ర కస్టర్డ్‌ను పీల్చేసుకుంటుందని తోచి, వాటిని వేణ్ణీళ్ళ గ్లాసులో నానబెట్టింది. గ్లాసు పొయ్యి వెనకాల కనపడకుండా పెట్టింది. దొంగతనం చేస్తున్నట్టే ఉంది. నవ్వు మాత్రం ఆగలేదు.

రెండో గిన్నె పొయ్యెక్కింది. మాస్టారు స్టూలు మీద, వాలెంటిన్ గుమ్మంలో, బస్తా గోడవార. ట్రౌడీ ఎనిమిది అంకె వేస్తూ తిప్పుతోంది. ఎర్ర గరిటె గీకడానికి మాత్రం మహ బాగుంది, అంచులు మిగలనివ్వడం లేదు. పాపం వాలెంటిన్ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. నురగ తగ్గుతోంది. పొగ పెరుగుతోంది. గిన్నెలో గరిటె వెనక కాసేపు దారి నిలిచి, మళ్ళీ మూసుకుంటోంది.

"ఎత్తు" అన్నారు మాస్టారు. ఎత్తింది. ఊదారు. జారిపోయింది. "ఇంకా లేదు."

నురగ పూర్తిగా పోయింది. పైన నూనె పూసినట్టు మెరుపు వచ్చింది. గరిటె బరువెక్కింది. ట్రౌడీ ఎడం చేత్తో తిప్పుతూ, కుడి చెయ్యి పొయ్యి వెనకకు పోనిచ్చి, గ్లాసులోంచి చెంచా తీసి తడి దులిపింది.

"ఏంటది?" అన్నారు మాస్టారు.

ఆమె చెంచా ముంచి, పైకెత్తి, పెదాలు ముందుకు చాచి ఊదింది. తన ఊపిరి. తన నోటితో. కొయ్య మీద పూత కదిలి, ముడుతలు పడి, బొటనవేలి గోరంత చోట చక్కగా ఒక్కో రేకు విప్పుకుని, అలాగే నిలబడిపోయింది.

వచ్చింది!

"ఎర్ర దాని మీద చూపించు" అన్నారు మాస్టారు. "చూపించు, నేను ఊదాలి. ఇంకా..."

ట్రౌడీ గిన్నె రెండు చేతులా పట్టి పొయ్యి మీంచి ఎత్తేసింది.

"ఏయ్! పెట్టు! ఇంకా రాలేదు, పచ్చిగా ఉంది, పెట్టు పొయ్యి మీద!"

"వచ్చిందండీ!"

"నేను చెప్పాలి వచ్చిందో లేదో! ట్రౌడీ!"

"జల్లెడ!" అని అరిచింది ట్రౌడీ. ఆ వంటింట్లో ఎప్పుడూ ఎవరో తనకు అరిచిన మాట. వాలెంటిన్ ఉలిక్కిపడి, ఆలోచించకుండానే, జల్లెడ పట్టుకుని ముందుకు దూకాడు. బంగారు రంగు ధార జల్లెడలో పడి, కింద మంచుముక్కల మీది గిన్నెలోకి దిగింది. జల్లెడలో రవ్వ లేదు. గుడ్డులోని తెల్లటి పోగు ఒక్కటి, వెనిలా తొక్కలు రెండు, అంతే.

మాస్టారు లేచి నిలబడ్డారు. మొహం కందిపోయింది. "పచ్చి కస్టర్డ్ రేపు జనానికి పెడతావా? నా మాట కాదని, నా పొయ్యి మీంచి..."

ట్రౌడీ ఇంకో కొయ్య చెంచా గ్లాసులోంచి తీసింది. ధార పోశాక గిన్నె అడుగున మిగిలినదాంట్లో ముంచింది. మాస్టారి మీసాల ముందు పెట్టింది.

"ఊదండి."

"ఇదేంటి, కప్పు చెంచానా?"

"కొయ్యదేనండీ. ఊదండి మాస్టారూ. మీరే ఊదండి."

ఆయన ఆమెను చూశారు. చెంచాను చూశారు. కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నారు. మీసాలు పక్కకు తోసుకుని ఊదారు.

వేలితో చెంచా మీద గీత గీశారు. గీత కలవలేదు, అంచులు కదలకుండా అలాగే నిలిచాయి. ఇంకోసారి, నమ్మలేనట్టు, ఊదారు. తర్వాత ఆ చెంచాను నోట్లో పెట్టుకున్నారు. ఎర్ర గరిటె తీసుకుని, అదే గిన్నెలో ముంచి ఊదారు. పాయలుగా చీలి జారిపోయింది.

"నేను..." అని ఆగారు. "మొదటి గిన్నె నేనే విరగ్గొట్టానన్నమాట."

"గరిటె విరగ్గొట్టిందండీ" అంది ట్రౌడీ.

"నేనూ గరిటే కలిసి." స్టూలు మీద మళ్ళీ కూలబడ్డారు. పట్టీ చేతిని ఒళ్ళో పెట్టుకుని, విచిత్రంగా, పగలబడి నవ్వడం మొదలెట్టారు. "ఏమే, ఇందాక చెప్పినప్పుడు వినకపోతే నెత్తిన ఒకటి మొట్టొచ్చు కదా?"

"మీరు కాఫీ తాగుతున్నారండీ."

ట్రౌడీకి అప్పుడొచ్చింది ఏడుపు. సంతోషంతో వచ్చే ఏడుపుకి రుమాలు ఆనదు, ఏప్రన్ ఆనదు. మంచుముక్కల మీది గిన్నె చల్లారేదాకా తిప్పుతూనే ఏడ్చింది. వాలెంటిన్ ఆమె పక్కన నిలబడి, "అక్కా, కన్నీళ్ళు అందులో పడకుండా చూడు, ఉప్పు వెయ్యలేదు కదా మనం" అన్నాడు. అప్పుడు ఏడుస్తూనే నవ్వింది. చల్లారిన కస్టర్డ్‌ను మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టారు, రాత్రంతా కుదురుకోవడానికి.

శనివారం పొద్దున్న మిషన్‌లో తిప్పి తీసిన వెనిలా దంతం రంగులో, నల్లటి గింజలు మెరుస్తూ, గరిటెకు సాగి వచ్చింది. బయట మంచు గాలి, వరస చర్చి దాకా ఉంది. మొదటి కప్పు మాస్టారిదే, అది ఆ కొట్టు మర్యాద. ఆయన ఎడం చేత్తో కొయ్య చెంచా పట్టుకుని తిని, వరసలో ముందున్న ముసలావిడ వైపు తిరిగారు. "ఈ ఏడు బాగుంటుందమ్మా" అన్నారు. "చేసింది ట్రౌడీ."

ఆ ఒక్క మాట వరస వెంబడి చర్చి దాకా వెళ్ళింది. వెళుతున్న కొద్దీ కౌంటర్ వెనక నిలబడ్డ ట్రౌడీ చెవులు ఎర్రబడ్డాయి. గెబ్‌హార్డ్ బస్సు ఎదురుగా ఆపి, ప్రయాణికులు కూర్చుని ఉండగానే హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, ఆపమని లోపలున్నవాళ్ళు అరిచేదాకా.

మధ్యాహ్నానికే వెనిలా అయిపోయింది. ఆదివారానికి ఇంకో గిన్నె వెంటనే ఎక్కించాలి. వాలెంటిన్ బస్తాను వెనక గదిలోకి లాగి, ఊళ్ళోకి పరుగెత్తి, బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన గరిటెలు రెండు కొనుక్కొచ్చాడు. ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందట. ఎర్ర గరిటెను మాత్రం పారెయ్యలేదు. అడుగు గీకడానికి అంతకు మించినది లేదని ట్రౌడీయే చెప్పింది.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి పాలు కాస్తుంటే, వెనక బల్ల దగ్గర టక్కు టక్కుమని చప్పుడైంది. మాస్టారు ఎడం చేత్తో గుడ్లు కొడుతున్నారు. అలవాటు లేని చెయ్యి, సగం పెంకులు గిన్నెలోకే పోతున్నాయి, ఒక పచ్చసొన చితికింది. తిట్టుకుంటూ దాన్ని పక్కన పెట్టి ఇంకోటి కొట్టారు. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే ఆయన ఆపేస్తారని తెలుసు.

గిన్నె పొయ్యెక్కింది. కొత్త కొయ్య గరిటె ఎనిమిది అంకె వేస్తోంది. మాస్టారు జల్లెడ ఎడం చేత్తో పట్టుకుని వచ్చి, ట్రౌడీ వీపు వెనక నిలబడ్డారు. కాసేపు ఓపిక పట్టారు. తర్వాత ఆమె భుజం మీంచి మెడ సాచారు.

"వచ్చిందా?"

ట్రౌడీ గరిటె పైకెత్తి, మెల్లగా, తీరిగ్గా ఊదింది.

"ఇంకా లేదు" అంది.